(−3) × (−4) = 12 ఎందుకో ఏడవ తరగతి పిల్లలకు వివరించడం ఎలా?

హైదరాబాదులో మా ఇంటి వద్ద ఏడవ తరగతి పిల్లలకు గణితం చెబుతున్నాను. (−3) × 4 అంటే మూడు రూపాయల అప్పును నాలుగు సార్లు చేయడమని, కాబట్టి −12 వస్తుందని వారు సులభంగానే ఒప్పుకున్నారు. (−3) × (−4) దగ్గర మాత్రం ఆ పోలిక పనికిరాదు. అప్పును ‘మైనస్ నాలుగు సార్లు’ చేయడమంటే ఏమిటో ఎవరూ చెప్పలేరు.

అందువల్ల విభాగ న్యాయాన్ని ఆశ్రయించాను. 4 + (−4) = 0 కాబట్టి (−3) × [4 + (−4)] విలువ కూడా 0 కావాలి; దానిని విడదీసి రాస్తే −12 + (−3) × (−4) = 0 అవుతుంది, −12కు కలిపినప్పుడు సున్న ఇచ్చే సంఖ్య 12 ఒక్కటే. భాగహారానికి వేరే నియమం అక్కరలేదు: 3 × (−4) = −12 కనుక (−12) ÷ (−4) = 3.

అయితే ఒక అమ్మాయి, “విభాగ న్యాయం ఋణ సంఖ్యలకు కూడా వర్తిస్తుందని మనకెలా తెలుసు సార్?” అని అడిగింది. చాలా సరైన ప్రశ్న. లబ్ధం −12 అనుకుంటే పై మొత్తం −24 అయి ఆ న్యాయం చెడిపోతుందని చూపించాను, కానీ చెడిపోతే నష్టమేమిటన్నది ఆమె సందేహం.

పాత న్యాయాలు నిలవాలని మనమే ఈ నియమాన్ని ఎంచుకున్నామని నేరుగా చెప్పవచ్చునా? లేక −3ను 2 − 5గా, −4ను 1 − 5గా రాసి, సహజ సంఖ్యల భేదాల నుంచే గుణకారాన్ని నిర్వచించి చూపడం ఈ వయసు వారికి అందుతుందా? బోధనానుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.