ప్లాటిపస్‌కు పొదుగు ఉందా?

శారద, తిరుపతి: ఏడో తరగతి పిల్లలకు తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. అందులో ఇలా రాశాను: "ప్లాటిపస్ గుడ్లు పొదిగి పిల్లలను చేస్తుంది. పిల్లలు తల్లి పొదుగు నుంచి పాలు తాగుతాయి." పొదగడం, పొదుగు పక్కపక్కన పడ్డాయి, చెవికి బాగుంది. కానీ ఈ జంతువు విషయంలో పొదుగు అనొచ్చా? గుడ్లు పెట్టేదాన్ని క్షీరదం అని ఎలా రాస్తారని మా తోటి టీచరు కూడా పట్టుబట్టారు.

సుబ్రహ్మణ్యం, చిత్తూరు: పొదుగు అనకూడదమ్మా. దానికి చన్నులే లేవు. పాలు చెమటలా కారితే పిల్లలు బొచ్చు మీద నుంచి నాకుతాయి. ఇక మీ తోటి టీచరు అడిగినదానికి జవాబు, అది పక్షికీ జంతువుకీ నడిమి రకం. ముక్కు బాతుది, గుడ్డు పక్షిది, బొచ్చు జంతువుది. మన పెద్దలు గుడ్డు నుంచి పుట్టేవి అండజాలు, మావితో పుట్టేవి జరాయుజాలు అని విడదీశారు కదా, ఇది ఆ గీత మీద నిలబడింది.

మునిరత్నం, పలమనేరు: పొదుగు గురించి అడుగుతా ఉండారు కాబట్టి నేనూ అడుగుతా. మా జెర్సీ ఆవు ఈని నాలుగు దినాలైంది. పొదుగులో ఒక పక్క గట్టిగా ఉంది. దూడ నాలుగుసార్లు కుమ్మితే గానీ చేపదు. ఏం చేయాల?

విజయలక్ష్మి, తిరుపతి: మునిరత్నం అన్నా, గట్టిగా ఉన్న పక్క చన్ను నుంచి మొదటి నాలుగు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. పెరుగు తరకల్లాంటివి గానీ, నీళ్లలాంటి పాలు గానీ కనబడితే పొదుగువాపు అయ్యుండొచ్చు. ఇవాళే పశువైద్యుడికి చూపించండి, ఆలస్యం చేస్తే ఆ చన్ను పనికిరాకుండా పోతుంది.

శారద గారూ, మీకు కావలసిన మాట ఆయన నోట్లోనే ఉంది: చేపడం. దూడ కుమ్మగానే ఆవు మెదడు కింది గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది, అది పాలగ్రంథులను బిగించి పాలను బయటికి తోస్తుంది. ప్లాటిపస్‌లోనూ, దానిలాగే గుడ్లు పెట్టి పాలిచ్చే ముళ్ల జంతువు ఎకిడ్నాలోనూ జరిగేది ఇదే. పరిశోధకులు వాటి పాలు సేకరించాలంటే ఆక్సిటోసిన్ సూది వేసి చేపిస్తారు. కాబట్టి చెమటలా ఊరికే కారుతుందనడం సరికాదు. గ్రంథి ఉంది, నాళాలు ఉన్నాయి, చేపూ ఉంది. లేనిది చనుమొన ఒక్కటే.

ఎకిడ్నా పొట్ట మీది సంచిలో, ముందువైపున రెండు చర్మపు మచ్చలుంటాయి. ఒక్కో మచ్చలో వంద, నూటయాభై సన్నని నాళాలు వెంట్రుకల మొదళ్ల దగ్గర తెరుచుకుంటాయి. పిల్ల ఆ చోట మూతి ఆనించి పాలు లాగుతుంది. నాకుతుందని పాత పుస్తకాలు రాసినదాన్నే చాలామంది ఇప్పటికీ రాస్తున్నారు. ప్లాటిపస్‌కు సంచి లేదు, ఆ రెండు మచ్చలూ పొట్ట మీద బొచ్చు కింద ఉంటాయి. పాలు చర్మం మీదికే వస్తాయి కాబట్టి సూక్ష్మక్రిములు సులువుగా తగులుతాయి. వాటిని చంపే ప్రోటీన్ ఒకటి ఈ జంతువుల పాలలో ప్రత్యేకంగా ఉంది.

సుబ్రహ్మణ్యం, చిత్తూరు: చేపుతుందనే ఒప్పుకుందాం. గుడ్డు మాటేమిటి? గుడ్డులో పచ్చసొన ఉండగా మళ్లీ పాలెందుకు? రెండూ ఉన్నాయంటే నడిమి రకమనే కదా అర్థం.

విజయలక్ష్మి, తిరుపతి: గుడ్డు లోపల ఎంత ఉందో చూస్తే అర్థమవుతుంది సార్. కోడిగుడ్డులో పిల్ల బయటికొచ్చి నడిచేదాకా సరిపడా తిండి ఉంటుంది. ప్లాటిపస్ అండాశయం నుంచి బయలుదేరిన గుడ్డు నాలుగు మిల్లీమీటర్లే. తల్లి గర్భాశయంలో ఊరే ద్రవాన్ని పీల్చుకుంటూ 15 నుంచి 17 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. తోలులాంటి మెత్తటి పెంకుతో బయటికొస్తుంది. ప్లాటిపస్ మామూలుగా రెండు గుడ్లు పెట్టి, బొరియలో ముడుచుకుని పడుకుని, తోకకూ పొట్టకూ మధ్య వాటిని అదుముకుంటుంది. ఎకిడ్నాది ఒకే గుడ్డు, అది సంచిలోకి చేరుతుంది. సుమారు పది రోజులకే పిల్ల పెంకు చీల్చుకుని వస్తుంది. పొడవు ఒకటిన్నర సెంటీమీటరు, ఒంటి మీద బొచ్చు లేదు, కళ్లు తెరుచుకోవు.

ఇంత తొందరగా రావడానికి కారణం సొన చాలకపోవడమే. మిగతా పెంపకమంతా పాలదే. ప్లాటిపస్ పిల్ల మూడు, నాలుగు నెలలు పాల మీదే ఉంటుంది. ఎకిడ్నా పిల్ల ముళ్లు మొలిచేదాకా, అంటే ఏడు వారాల దాకా, సంచిలో ఉంటుంది. ఆ తర్వాత తల్లి దాన్ని బొరియలో దాచి, ఆరేడు నెలల వయసొచ్చేదాకా మధ్య మధ్య వచ్చి పాలిస్తుంది. జన్యువులూ ఇదే చెబుతున్నాయి. పచ్చసొన ప్రోటీన్ తయారీకి కోడిలో మూడు జన్యువులుంటే ప్లాటిపస్‌లో పనిచేసేది ఒకటే మిగిలింది. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ జన్యువులు మాత్రం ఆవులో ఉన్న కుటుంబానివే.

సుబ్రహ్మణ్యం, చిత్తూరు: మరి ఆ బాతు ముక్కు?

విజయలక్ష్మి, తిరుపతి: అది పక్షి ముక్కులా గట్టి కొమ్ము పదార్థం కాదు, మెత్తటి చర్మం. నీళ్లలో పురుగులు కదిలితే పుట్టే విద్యుత్తును అది పసిగడుతుంది. పైకి బాతును పోలినా లోపల పోలిక లేదు. పక్షి ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది, ప్లాటిపస్ కణాల్లో మనకు మల్లే ఉండదు. కింది దవడలో ఒక్కో పక్క ఒకే ఎముక, చెవి లోపల మూడు చిన్న ఎముకలు. ఇవి క్షీరదాలకే ఉన్నవి.

చుట్టరికం తేల్చేటప్పుడు పాత లక్షణాన్ని లెక్కలోకి తీసుకోరు సార్. క్షీరదాల పూర్వీకులు గుడ్లు పెట్టేవే, పక్షుల పూర్వీకులూ గుడ్లు పెట్టేవే. మన శాఖ ఆ పద్ధతి వదిలేసింది, ప్లాటిపస్, ఎకిడ్నాల శాఖ వదల్లేదు. బొచ్చు, పాలు, చెవి ఎముకలు తర్వాత వచ్చినవి, ఈ రెండు శాఖలకూ ఉమ్మడి. అందుకే మనతో ఒకే గుంపు అంటారు. 1884లో కాల్డ్‌వెల్ అనే శాస్త్రవేత్త ఆస్ట్రేలియాలో గుడ్డుతో ఉన్న ప్లాటిపస్‌ను పట్టి, ఆ వార్త తంతి ద్వారా పంపాడు. అదే ఏడాది అడిలైడ్‌లో హాకే అనే ఆయన ఎకిడ్నా సంచిలో గుడ్డు చూశాడు. అప్పటికే పాలగ్రంథుల సంగతి తెలుసు కాబట్టి వాటిని గుంపు మార్చలేదు.

అండజం, జరాయుజం అన్నవి పుట్టిన తీరును బట్టి పెట్టినవి. క్షీరదం అన్నది పెంచిన తీరును బట్టి. రెండూ ఒకే ప్రాణికి చెల్లుతాయి, ప్లాటిపస్ అండజమైన క్షీరదం.

హరి, మదనపల్లె: ఎకిడ్నా అంటే మన ఏదుపందే కదా? తిరుపతి జూలో చూడొచ్చా?

విజయలక్ష్మి, తిరుపతి: కాదు తమ్ముడూ. ఏదుపంది ఎలుక జాతిది, పిల్లల్ని కంటుంది, కొరికి తింటుంది. ఎకిడ్నాకు పళ్లే లేవు, జిగురు నాలుకతో చీమల్ని, చెదల్ని తింటుంది. అది ఆస్ట్రేలియా, న్యూగినీల్లోది. ముళ్లు మాత్రం రెండిట్లోనూ మారిన వెంట్రుకలే.

శారద, తిరుపతి: అయితే ఇలా మారుస్తున్నాను: "ప్లాటిపస్ గుడ్లు పొదిగి పిల్లలను చేస్తుంది. పొట్ట మీది చర్మం నుంచి చేపిన పాలను పిల్లలు కుడుస్తాయి." పొదుగు తీసేశాను. ఇంతకీ పొదగడానికీ పొదుగుకీ మూలం ఒకటేనా?

సుబ్రహ్మణ్యం, చిత్తూరు: ఒకటే అని నా నమ్మకం. కమ్ముకుని లోపల ఉంచుకోవడం అనే అర్థం రెండిట్లోనూ ఉంది. రత్నాలు పొదగడం కూడా అదే.

విజయలక్ష్మి, తిరుపతి: రత్నాలకూ గుడ్లకూ సరే. ఆవు పొదుగును ఆ క్రియతో కలపాలంటే ఇంకాస్త పాత ఆధారం చూపించాలి సార్. అర్థం అతికినంత మాత్రాన మూలం ఒకటని చెప్పలేం.

మునిరత్నం, పలమనేరు: నల్లగుడ్డ మీద తరకలు పడినాయి మేడమ్. డాక్టరుకు ఫోన్ చేసినాను, వస్తా ఉండారు. ఇంకొకటి, టౌన్ పిల్లోళ్లకు చేపడం అంటే తెలీదు. ఆ మాట తీసేయొద్దు, కింద అర్థం రాయండి.