బిల్డర్ ఇచ్చిన ఈసీ నిల్, మేం తీసిన ఈసీలో రెండు మార్ట్‌గేజ్‌లు: దేన్ని నమ్మాలి?

వెంకట్_ఎన్జే
నల్లగండ్లలో కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫస్ట్ ఫ్లోర్ 105 తీసుకుంటున్నాం. బిల్డర్ పంపిన ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అదే ఈసీ, నిల్ అని ఉంది. హైదరాబాద్‌లో ఉన్న మా బావ సర్వే నంబర్ పెట్టి ఇంకో ఈసీ తీస్తే మూడు ఎంట్రీలు వచ్చాయి: డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ, ఒక మార్ట్‌గేజ్, ఒక డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్. పేర్ల ముందు EX, CL, MR, ME అని ఏవో అక్షరాలు. సేల్ డీడ్ డ్రాఫ్ట్‌లో మాత్రం ‘ఫ్రీ ఫ్రమ్ ఆల్ ఎన్‌కంబ్రెన్సెస్’ అని రాశారు. ఆఫీసులో రోజంతా ఇంగ్లిషే, కానీ ఈ ఇంగ్లిష్ బుర్రకెక్కట్లేదు. సంతకం పెట్టొచ్చా?

యాదగిరి_డాక్యుమెంట్స్
టెన్షన్ పడకు తమ్మీ. ఆ మార్ట్‌గేజ్‌లో ME అని ఎవరి పేరుందో చూడు. జీహెచ్ఎంసీ కమిషనర్ పేరుంటే అది ప్రతి బిల్డింగ్‌కీ ఉండేదే. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే ఏరియాలో పది శాతం మున్సిపాలిటీ పేరు మీద రాయించుకుంటారు, ప్లాన్ ప్రకారం కట్టినంక విడిచిపెడతారు. ఇట్లాంటివి వందల కొద్దీ రాసిన. సంతకం పెట్టేయ్.

వెంకట్_ఎన్జే
థాంక్స్ అన్నా. మార్ట్‌గేజ్‌లో ME జీహెచ్ఎంసీయే. డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్‌లో మాత్రం ME ఒక బ్యాంకు, MR బిల్డర్ కంపెనీ.

సిడ్నీ_సూరి
బ్రో, నా అనుభవం చెప్తా. పవర్ ఆఫ్ అటార్నీ పంపేటప్పుడు జాగ్రత్త. నేను ఇక్కడ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి నాన్నకి పంపాను, ఆయన దాన్ని బీరువాలో పెట్టి మరిచిపోయారు. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంప్ వేయించాలట. మళ్లీ మొదటి నుంచీ చేయాల్సి వచ్చింది. మీది ఎవరి పేరు మీద పంపుతున్నారు?

పద్మజ_కె
సూరి గారూ, ఆయన అడిగింది ఈసీ గురించి. మీరు చెప్పింది కూడా పనికొచ్చేదే అనుకోండి.

అడ్వకేట్_సుధ
వెంకట్ గారూ, ముందు ఆ రెండు ఈసీల సంగతి. ఏదీ దొంగది కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ అంటే మనం ఇచ్చిన వివరాలకి సరిపోయే రిజిస్టర్డ్ దస్తావేజుల జాబితా, అంతే. 105 అనే ఫ్లాట్ ఇంతవరకు ఎవరికీ అమ్మలేదు, కాబట్టి ఆ నంబర్‌తో వెతికితే ఏమీ రాదు. భూమి మీద జరిగినవన్నీ సర్వే నంబర్ కింద, ప్లాట్ నంబర్ కింద ఉంటాయి. కొత్త ఫ్లాట్‌కి ఫ్లాట్ నంబర్‌తో తీసిన ఈసీ నిల్ రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. మీ బావగారు తీసిందే పనికొచ్చే ఈసీ. ఆన్‌లైన్‌లో 1983 నుంచి ఉన్నవే దొరుకుతాయి, అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి వెతికించాలి.

ఆ అక్షరాలు పెద్ద విషయం కాదు. EX అంటే రాసిచ్చినవాళ్లు, CL అంటే రాయించుకున్నవాళ్లు. తాకట్టు అయితే పెట్టినవాళ్లు MR, పెట్టించుకున్నవాళ్లు ME. మీ మొదటి ఎంట్రీలో EX కింద భూయజమానులు, CL కింద బిల్డర్ ఉండాలి. అంటే భూమి వాళ్లదే, కట్టి తన వాటా అమ్ముకునే అధికారం ఇతనికి ఇచ్చారు. ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది: 105 బిల్డర్ వాటాలోదా, ఓనర్ల వాటాలోదా? ఎవరికి ఏ ఫ్లాట్లు వస్తాయో పంచుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్ అడగండి. ఓనర్ల వాటాలోని ఫ్లాట్‌ని బిల్డర్ తనదిగా అమ్మితే గొడవ మీ నెత్తికి చుట్టుకుంటుంది.

యాదగిరి గారు చెప్పింది జీహెచ్ఎంసీ తాకట్టు వరకు నిజమే. కానీ ‘అందరికీ ఉంటుంది’ అని వదిలేయకూడదు. ఆ పది శాతంలో మీ ఫ్లాట్ ఉందో లేదో చూడాలి. ఈసీలో ఆ ఎంట్రీ పక్కన డాక్యుమెంట్ నంబర్, సంవత్సరం ఉంటాయి. దానితో మార్ట్‌గేజ్ డీడ్ సర్టిఫైడ్ కాపీ తీయించండి. ఏయే ఫ్లాట్లు తాకట్టులో ఉన్నాయో చివర షెడ్యూల్‌లో రాసి ఉంటుంది. మామూలుగా కింది ఫ్లోర్లలోవే పెడతారు. మీది ఫస్ట్ ఫ్లోర్ కాబట్టి చెప్తున్నా.

యాదగిరి_డాక్యుమెంట్స్
మేడమ్, తాకట్టులో ఉన్న ఫ్లాట్‌ని రిజిస్ట్రార్ రిజిస్టర్ చేయడు. నిషేధిత లిస్టులో పడి ఉంటది, సిస్టమే ఆపేస్తది. అందుకే చెప్పిన టెన్షన్ వద్దని.

అడ్వకేట్_సుధ
రిజిస్ట్రేషన్ రోజు సిస్టమ్ ఆపుతుందేమో. ఈలోపు అడ్వాన్స్‌గా కట్టిన లక్షలు ఎవరు ఆపుతారు?

వెంకట్_ఎన్జే
బావ సర్టిఫైడ్ కాపీ తెచ్చాడు. ఐదు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి ఆరు, మొత్తం 30 ఫ్లాట్లు, అన్నీ ఒకే సైజు. షెడ్యూల్‌లో 101, 102, 103 ఉన్నాయి. మాది లేదు. సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో 105 బిల్డర్ వాటాలోనే ఉంది.

అడ్వకేట్_సుధ
30లో పది శాతం అంటే 3, లెక్క సరిపోయింది. జీహెచ్ఎంసీ తాకట్టు మీ ఫ్లాట్‌ని తాకదు. కానీ దాని రిలీజ్ ఎంట్రీ ఈసీలో లేదంటే, ప్లాన్ ప్రకారం కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ బహుశా ఇంకా రాలేదని అర్థం. అది గుర్తుపెట్టుకోండి.

అసలు చూడాల్సింది బ్యాంకుది. బిల్డర్ ప్రాజెక్ట్ లోన్ కోసం టైటిల్ పత్రాలు బ్యాంకులో పెట్టాడు. ఆ తాకట్టు మూడు ఫ్లాట్ల మీదే అనుకోకండి. సాధారణంగా బిల్డర్ వాటా మొత్తం మీద ఉంటుంది, అందులో 105 కూడా ఉంటుంది. దీనికి బ్యాంకు నుంచి మీ ఫ్లాట్ నంబర్, మీ పేరు రాసిన ఎన్ఓసీ కావాలి. ప్రాజెక్ట్ మొత్తానికి ఇచ్చిన పాత లెటర్ జిరాక్స్ పంపితే ఒప్పుకోవద్దు.

ఇక డ్రాఫ్ట్‌లో ‘ఎలాంటి తాకట్టులూ లేవు’ అన్న మాట. ఈసీలో బ్యాంకు తాకట్టు కళ్లెదుట కనిపిస్తుంటే ఆ వాక్యం అబద్ధం. దాన్ని తీసేసి, ఫలానా బ్యాంకుకి తాకట్టు ఉంది, ఫలానా తేదీ ఎన్ఓసీ ద్వారా బ్యాంకు ఈ ఫ్లాట్‌ని విడుదల చేసింది అని రాయించండి. ఎన్ఓసీ కాపీని డీడ్‌కి జతచేయించండి. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ పేజీయే మిమ్మల్ని కాపాడుతుంది.

మణికొండ_ప్రసాద్
ఇంత అవసరమా? నేను హోమ్ లోన్ తీసుకున్నాను, బ్యాంకు లాయర్ అన్నీ చూసి ఓకే అన్నాడు. లోన్ అప్రూవ్ అయిందంటే టైటిల్ క్లియర్ అనే కదా.

పద్మజ_కె
ప్రసాద్ గారూ, బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు డబ్బు తిరిగి వస్తుందా అని. వెంకట్ గారు లోన్ లేకుండా కడుతున్నట్టుంది, అప్పుడు ఆ లాయర్ కూడా లేడు.

వెంకట్_ఎన్జే
అవును, లోన్ లేదు, ఎన్ఆర్ఈ అకౌంట్ నుంచి కడుతున్నాం. ఎన్ఓసీ వచ్చింది. 105 నంబర్, నా పేరు కరెక్ట్‌గానే ఉన్నాయి. బావ చదువుతూ ఒకచోట ఆగాడు. ‘మొత్తం అమ్మకపు సొమ్ము కింది ఖాతాలో జమ అయితేనే ఈ ఎన్ఓసీ చెల్లుతుంది’ అని ఒక అకౌంట్ నంబర్ ఇచ్చారు. బిల్డర్ పంపిన డిమాండ్ లెటర్‌లో ఉన్నది వేరే నంబర్, బ్యాంకు మాత్రం అదే. అడిగితే ‘అది రెరా అకౌంట్ సార్, ఒకే బ్యాంకు కదా, లోపల వాళ్లే సర్దుకుంటారు’ అన్నాడు.

మణికొండ_ప్రసాద్
ఒకే బ్యాంకు అయితే ఏం ఇబ్బంది? రెరా చట్టం ప్రకారం కొనేవాళ్ల డబ్బులో 70 శాతం ప్రత్యేక అకౌంట్‌లో ఉంచాలి. బిల్డర్ చెప్పింది కరెక్టే.

అడ్వకేట్_సుధ
రెరా గురించి చెప్పింది కరెక్టే ప్రసాద్ గారూ, డిమాండ్ లెటర్‌లోది నిజంగా ఆ అకౌంటే కావచ్చు కూడా. కానీ ఎన్ఓసీ రాసింది బ్యాంకు, షరతు పెట్టింది బ్యాంకు. వేరే ఖాతాలో కట్టాక బిల్డర్ లోన్ ఎగ్గొడితే బ్యాంకు ఒకటే అడుగుతుంది: మేం చెప్పిన ఖాతాలో డబ్బు పడిందా? పడకపోతే ఎన్ఓసీ చిత్తుకాగితం. డబ్బంతా ఇచ్చి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, ఫ్లాట్ మాత్రం తాకట్టులోనే ఉండిపోయినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. అందరూ ‘ఒకే బ్యాంకు కదా’ అనే కట్టారు.

మీరు చేయాల్సింది చిన్న పనే. ఎన్ఓసీ మీద సంతకం చేసిన బ్రాంచికి మీరే నేరుగా మెయిల్ రాయండి, బిల్డర్ ద్వారా వద్దు. రెండు అకౌంట్ నంబర్లూ ఇచ్చి, డిమాండ్ లెటర్‌లో ఉన్న ఖాతాలో కడితే మీ షరతు తీరినట్టేనా అని అడగండి. అవునంటే ఆ మాట లెటర్‌హెడ్ మీద ఇమ్మనండి. కాదంటే ఎన్ఓసీలో ఉన్న ఖాతాలోనే కట్టండి. కట్టాక 105 వరకు డబ్బు ముట్టిందని, తాకట్టు విడిచిపెట్టామని ఇంకో లెటర్ తీసుకోండి.

యాదగిరి_డాక్యుమెంట్స్
ఇది ఒప్పుకుంటా మేడమ్. ఎన్ఓసీల అకౌంట్ నంబర్ నేనెప్పుడూ పట్టించుకోలే. మా దగ్గరికి వచ్చేసరికే పైసలు కట్టేసి ఉంటరు.

సిడ్నీ_సూరి
ఇంకో డౌట్. బ్యాంకు తాకట్టు రిజిస్టర్ చేయకపోతే? అప్పుడు ఏ ఈసీలోనూ రాదు కదా.

అడ్వకేట్_సుధ
రాదు. పత్రాలు ఇచ్చి పుచ్చుకోవడంతోనే ఆ తాకట్టు పూర్తవుతుంది. దాని గురించి మెమోరాండమ్ రాసి రిజిస్టర్ చేస్తేనే ఈసీకి ఎక్కుతుంది. అందుకే సెర్సాయ్‌లో కూడా వెతకమంటాను. బ్యాంకులు తమ తాకట్టులు నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ అది, 2011 నుంచి ఉంది. ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. ఇంకా సులువైన ఆనవాలు ఒకటుంది: ఒరిజినల్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ చూపించమని బిల్డర్‌ని అడగండి. జిరాక్సే చూపిస్తూ రోజులు గడిపితే ఒరిజినల్ ఎక్కడుందో తెలుసుకోండి. కోర్టు కేసులు, రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు కూడా ఈసీలో కనపడవు. అది వేరే కథ.

వెంకట్_ఎన్జే
బ్రాంచికి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు. బిల్డర్ మాత్రం ఈ నెలలోనే రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం, తర్వాత రేటు పెరుగుతుందంటున్నాడు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకముందే చేయించుకోవచ్చా?

యాదగిరి_డాక్యుమెంట్స్
చేయించుకో. మా ఆఫీసుకొచ్చే కొత్త ఫ్లాట్లల్ల చానా వరకు అట్లనే అయితయి. ఫ్లాట్ నీ పేరు మీదికి వస్తే వేరేవాళ్లకు అమ్మలేడు.

అడ్వకేట్_సుధ
ఆ భయం ఉన్న మాట నిజమే. నేనైతే ఆగమంటాను. రిజిస్ట్రేషన్‌తో డబ్బంతా వెళ్లిపోయాక బిల్డర్‌ని తొందరపెట్టడానికి మీ చేతిలో ఏమీ మిగలదు. అంతగా తప్పకపోతే కొంత సొమ్ము సర్టిఫికెట్ వచ్చేదాకా ఆపుకునేలా ముందే రాతపూర్వకంగా ఒప్పించండి. కానీ ఎన్ఓసీ ‘మొత్తం సొమ్ము’ అంటోంది కాబట్టి, అలా ఆపుకోవచ్చా అన్నది కూడా ఆ బ్రాంచినే అడగాలి.

పద్మజ_కె
మా బిల్డింగ్‌లో అలా ఆపుకోనివ్వలేదండీ, మొత్తం కడితేనే స్లాట్ బుక్ చేస్తామన్నారు. ఎవరైనా ఒప్పించగలిగారా ఇక్కడ?