ఐఎస్‌బిఎన్ లేని పాత పుస్తకం వివరాలు ఎలా రాయాలి?

పర్లాకిమిడి నుంచి రాస్తున్నానండి. తాతగారి తెలుగు పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడుతూ ఒకదాని దగ్గర ఆగిపోయాను. లోపల ‘ప్రథమ ముద్రణ 1956, తృతీయ ముద్రణ 1964’ అని ఉంది, కాబట్టి మూడో ముద్రణ అనే రాస్తాను. ఐఎస్‌బిఎన్ పద్ధతి 1970లో వచ్చింది కనుక దీనికి ఆ నంబరు లేదు. ఈమధ్య వేసిన ముద్రణ నంబరు పెడితే ఆ కొత్త పుస్తకం ఫోటో, పేజీల సంఖ్యే వచ్చేస్తున్నాయి. అది కొనేవాళ్లను మోసం చేసినట్టే. నంబరు గడి ఖాళీగా వదిలి ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు ఇస్తే వెతికేవాళ్లకు దొరుకుతుందా?

ఇంకొకటి. మామూలు పేపర్‌బ్యాక్‌కి తర్వాత ఎవరో కాలికో బైండింగ్ చేయించారు. అసలు అట్ట పోయింది, అంచులు కోసినప్పుడు కొన్ని పేజీల్లో పై వరుస అక్షరాలు తెగాయి. దీన్ని హార్డ్‌బౌండ్ అనడం నాకు సరిగా తోచడం లేదు. ‘పేపర్‌బ్యాక్, తర్వాత బైండు చేయించినది’ అంటే చాలా? అక్షరాలు తెగాక కూడా కండిషన్ ‘గుడ్’ అనొచ్చా?