అప్‌డేట్: ఇంటర్వ్యూలకు 384 మంది కావాలా?

అప్పుడు వచ్చిన ప్రశ్న: "ఆశా కార్యకర్తలు పని ఎందుకు మానేస్తున్నారో లోతుగా ఇంటర్వ్యూ చేయాలి. ఫార్ములా 384 అంటోంది. అంతమందా?"

అక్కర్లేదు. 384 అనేది ఒక శాతాన్ని 5 పాయింట్ల తేడాలోపు, 95% నమ్మకంతో అంచనా వేయడానికి వచ్చే లెక్క. ఒక్కొక్కరూ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలిసి ఉంటేనే దానికి అర్థం. ఇక్కడ కావాల్సింది ఎంతమంది మానేశారన్నది కాదు, ఎందుకు మానేశారన్నది. అందుకే విషయం తెలిసినవాళ్లనే ఏరుకోవాలి.

ఎక్కడ ఆపాలో ఇలా తేలింది. మొదటి 4 ఇంటర్వ్యూల్లో 20 థీమ్‌లు వచ్చాయి. 5, 6లో కలిపి కొత్తవి 3, అంటే మొదటి 20తో పోలిస్తే 15%. 6, 7లో కలిపి ఒకటే, 5%. ముందే పెట్టుకున్న హద్దు అదే కాబట్టి సాచురేషన్, అంటే ఇక కొత్త విషయాలు పెద్దగా రాని దశ, వచ్చినట్టే.

కానీ అది ఉత్తుత్తి సాచురేషన్. ఏడుగురూ పీహెచ్‌సీకి దగ్గరి ఊళ్లవాళ్లే. ఒకేలాంటివాళ్లను అడిగితే మాటలు త్వరగానే తిరిగొస్తాయి. ఏజెన్సీ గూడేల్లో ఇద్దరిని కలిపితే మళ్లీ 4 కొత్త థీమ్‌లు: గర్భిణిని డోలీలో మోయించడం, సిగ్నల్ లేక యాప్‌లో ఎంట్రీ పడకపోవడం లాంటివి. ఇప్పుడు గూడేల గుంపుకి విడిగా లెక్క మొదలైంది. ఒక్కటి మాత్రం ఖాయం, దీన్నుంచి "ఇంత శాతం మంది" అని రాయకూడదు.