పంపిన మెయిల్ కాపీ దాచే బాధ్యత ఎవరిది: సర్వర్‌దా, మన మెయిల్ ప్రోగ్రామ్‌దా?

కృష్ణలంక_ప్రెస్
మాది విజయవాడలో చిన్న ప్రింటింగ్ ప్రెస్. సొంత డొమైన్ మీద మెయిల్ ఉంది. సోమవారం లాప్‌టాప్ నుంచి ఒక కొటేషన్ పంపాను, కస్టమర్‌కి అందింది. కానీ ఫోన్‌లో Sent తెరిస్తే అది లేదు. ఫోన్‌లో సగం రాసిన డ్రాఫ్ట్‌ని లాప్‌టాప్‌లో పూర్తి చేస్తే అదీ ఫోన్‌లో మాయమైంది. ఇన్‌బాక్స్ మాత్రం రెండింటిలో ఒకేలా ఉంటుంది. తప్పు సర్వర్‌దా, నా సెట్టింగ్‌దా?

సిస్టమ్_శీను
లాప్‌టాప్‌లో పాప్ పెట్టి ఉంటారు. పాప్ ఇన్‌బాక్స్‌ని మాత్రమే దించుకుంటుంది, మిగతా ఫోల్డర్లతో దానికి పని లేదు. ఐమ్యాప్ అయితే అన్నీ వాటంతట అవే సింక్ అవుతాయి. అకౌంట్ తీసేసి ఐమ్యాప్‌తో మళ్లీ పెట్టుకోండి, పది నిమిషాల పని.

కృష్ణలంక_ప్రెస్
చూశానండీ. రెండింటిలోనూ ఐమ్యాపే, పోర్ట్ 993.

తపాలా_మేస్త్రి
ప్రెస్ గారూ, దయచేసి అకౌంట్ ఇప్పుడే తీసేయకండి. ఆ కొటేషన్ కాపీ లాప్‌టాప్ డిస్క్ మీద మాత్రమే ఉండి ఉంటే, అకౌంట్‌తో పాటు అదీ పోవచ్చు. ముందు బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి ఎడమవైపు ఫోల్డర్లన్నీ చూడండి. సర్వర్ మీద నిజంగా ఏముందో అక్కడే తెలుస్తుంది. మెయిల్ అక్కడ ఉంటే చూపించలేకపోతున్నది ఫోన్. అక్కడ లేకపోతే లాప్‌టాప్ దాన్ని సర్వర్‌కి ఇవ్వనే లేదు.

శీను గారు పాప్ గురించి చెప్పింది నిజమే. కానీ ఐమ్యాప్‌లో అన్నీ వాటంతట అవే సింక్ అవుతాయనే మాట దగ్గరే అందరం పొరబడతాం. మెయిల్ పంపే పని ఐమ్యాప్‌ది కాదు, ఎస్‌ఎంటీపీది. అది ఉత్తరాన్ని అవతలివాళ్ల దారి పట్టించి ఊరుకుంటుంది, కాపీ దాచదు. పంపడం అయ్యాక మన ప్రోగ్రామే ఐమ్యాప్‌లోకి వెళ్లి, అదే ఉత్తరాన్ని `APPEND` అనే ఆజ్ఞతో Sent ఫోల్డర్‌లో విడిగా పెట్టాలి. ఈ రెండో పని జరగకపోయినా, వేరే ఫోల్డర్‌లో జరిగినా కస్టమర్‌కి మెయిల్ అందుతుంది. మీ ఫోన్‌లో మాత్రం కనిపించదు.

భీమవరం_పద్మ
నాకూ ఇలాగే అయిందండీ. ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయింది, ఫొటోలు తీసేశాక బాగైంది. అదొకసారి చూసుకోండి.

తపాలా_మేస్త్రి
పద్మ గారూ, ఇక్కడ ఫోన్ స్టోరేజ్ కారణం కాదనుకుంటాను. ఇన్‌బాక్స్ సరిగ్గానే వస్తోంది కదా. కానీ మీ మాటతో ఇంకోటి గుర్తొచ్చింది. సర్వర్ మీద మెయిల్‌బాక్స్‌కి ఇచ్చిన చోటు నిండిపోతే మెయిల్ వెళ్లిపోతుంది గానీ, కాపీ పెట్టబోతే సర్వర్ `OVERQUOTA` అని తిప్పి కొడుతుంది. కొన్ని ప్రోగ్రాములు ఆ సంగతి తెరమీద చెప్పవు. ప్రెస్ గారూ, అదీ చూడండి.

కృష్ణలంక_ప్రెస్
వెబ్‌మెయిల్ చూశాను. చోటు సగం కూడా నిండలేదు. కానీ అక్కడ "Sent" ఒకటి, "Sent Items" ఇంకొకటి ఉన్నాయి! లాప్‌టాప్ నుంచి పంపినవన్నీ రెండో దాంట్లో ఉన్నాయి, 214 మెయిళ్లు. ఫోన్ నుంచి పంపినవి మొదటి దాంట్లో. సోమవారం కొటేషన్ కూడా రెండో దాంట్లో దొరికింది. చాలా టెన్షన్ తగ్గింది.

తపాలా_మేస్త్రి
అదే సంగతి. పేర్లు చాలాకాలం ఎవరిష్టం వారివి: Sent, Sent Items, Sent Messages. ఏ ఫోల్డర్ దేనికో సర్వరే గుర్తు పెట్టి చెప్పే పద్ధతి 2011లో ప్రమాణంగా వచ్చింది. మీ సర్వర్ ఫోల్డర్ల జాబితా దాదాపు ఇలా ఉంటుంది:

```
* LIST (\HasNoChildren \Sent) "." "Sent"
* LIST (\HasNoChildren) "." "Sent Items"
```

మొదటి వరుసలో `\Sent` గుర్తు ఉంది. ఫోన్ దాన్ని చదివి ఆ ఫోల్డర్‌నే వాడుతోంది. లాప్‌టాప్ ప్రోగ్రామ్ ఆ గుర్తు పట్టించుకోకుండా తనకు అలవాటైన పేరుతో సొంత ఫోల్డర్ తయారుచేసుకుంది. థండర్‌బర్డ్‌లో అయితే అకౌంట్ సెట్టింగ్స్‌లో `Copies & Folders`లో మార్చాలి. ఐఫోన్‌లో అయితే మెయిల్ అకౌంట్ `Advanced`లో `Mailbox Behaviors` అని ఉంటుంది, అందులో `Sent Mailbox`, `Drafts Mailbox` రెండూ సర్వర్ మీది ఫోల్డర్లకే చూపాలి. ఫోన్‌లోనే దాచే ఎంపిక ఉంటే అది వద్దు. తర్వాత వెబ్‌మెయిల్‌లోనే ఆ 214 మెయిళ్లను Sentలోకి జరపండి.

అమీర్‌పేట్_డెవ్
ఇదంతా మామూలు మనిషి మీద వేయాల్సిన భారం కాదు. జీమెయిల్ చూడండి, దాని సర్వర్ ద్వారా పంపితే కాపీ అదే పెట్టుకుంటుంది. ప్రతి సర్వర్ అలాగే చేయాలి. ఇప్పుడు 8 ఎంబీ అటాచ్‌మెంట్ పంపితే ఫోన్ దాన్ని రెండుసార్లు ఎక్కించాలి, ఒకసారి పంపడానికి, ఇంకోసారి కాపీకి. సిగ్నల్ సరిగ్గా లేని చోట మొదటిది వెళ్లి, రెండోది మధ్యలో ఆగిపోతుంది. మా ఊళ్లో బస్సులో నుంచి పంపినప్పుడు నాకు ఇదే జరిగింది.

తపాలా_మేస్త్రి
రెండుసార్లు ఎక్కించడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ సర్వర్ దాచుకుంటే ప్రోగ్రామ్ ఊరుకోవాలి కదా. ఊరుకోకపోతే ప్రతి మెయిల్‌కీ రెండు కాపీలు. పైగా బీసీసీలో ఎవరికి పంపామో చాలా ప్రోగ్రాములు పంపే ముందే ఉత్తరంలోంచి తీసేస్తాయి. సర్వర్ దాచిన కాపీలో ఆ పేర్లు ఉండవు. ప్రోగ్రామ్ దాచిన కాపీలో ఉంటాయి. టెండర్ల పని చేసేవాళ్లకి ఆ వివరం కావాలి.

అమీర్‌పేట్_డెవ్
బీసీసీ అవసరం ఎంతమందికి? కాపీ పోవడమే పెద్ద నష్టం.

తాలూకాఫీసు_రిటైర్డ్
నేను పదేళ్లుగా ప్రతి మెయిల్‌కీ బీసీసీలో నా అడ్రసే పెడతాను. ఏ పరికరంలో చూసినా ఇన్‌బాక్స్‌లో కాపీ ఉంటుంది. ఈ గొడవలేవీ లేవు.

తపాలా_మేస్త్రి
పెద్దాయన చెప్పింది పనిచేస్తుంది. ఇన్‌బాక్స్ నిండకుండా ఒక ఫిల్టర్ పెట్టుకుంటే చాలు. కాకపోతే డ్రాఫ్టులకి అది సాయపడదు.

కృష్ణలంక_ప్రెస్
మరి నా డ్రాఫ్ట్ ఏమైనట్టు? డ్రాఫ్ట్ ఫోల్డర్ రెండింటిలో ఒక్కటేనండీ, చూశాను.

తపాలా_మేస్త్రి
ఐమ్యాప్‌లో ఉన్న ఉత్తరాన్ని ఎవరూ దిద్దలేరు. మీరు సేవ్ చేసిన ప్రతిసారీ ప్రోగ్రామ్ కొత్త నంబరుతో ఇంకో ఉత్తరం పెట్టి, పాతదాన్ని చెరిపేస్తుంది. పొద్దున ఫోన్‌లో రాసింది 41వ నంబరు అనుకోండి. లాప్‌టాప్‌లో పూర్తి చేసి సేవ్ చేస్తే 42 పుట్టి 41 పోయింది. ఫోన్ జాబితా ఇంకా కొత్తగా తెచ్చుకోలేదు. మీరు తాకింది లేని 41ని, అందుకే ఖాళీగా కనిపించింది లేదా మాయమైంది. జాబితాని కిందికి లాగి తాజా చేస్తే 42 రావాలి. అదే ఫోన్‌లో పాత డ్రాఫ్ట్ తెరిచి ఉంచి, దాని మీదే ఇంకో మాట రాసి సేవ్ చేస్తే 43 వస్తుంది. అందులో లాప్‌టాప్‌లో రాసింది ఉండదు. రెంటినీ కలిపి పెట్టే ఏర్పాటు ఐమ్యాప్‌లో లేదు.

సిస్టమ్_శీను
ఇది నాకు తెలియదు. అంటే ఒక చోట రాస్తుంటే రెండో చోట ఆ డ్రాఫ్ట్ మూసేయాలన్నమాట.

తపాలా_మేస్త్రి
అవునండీ. మూసేసి, రెండో చోట తెరిచే ముందు ఒకసారి తాజా చేసుకోవాలి.

కృష్ణలంక_ప్రెస్
తాజా చేస్తే డ్రాఫ్ట్ వచ్చింది, లాప్‌టాప్‌లో రాసిన ధరలన్నీ ఉన్నాయి. లాప్‌టాప్‌లో Sent మార్చి, ఒక పరీక్ష మెయిల్ పంపితే నిమిషంలోపే ఫోన్‌లో కనిపించింది. కానీ ఖాళీ చేసి తీసేసిన "Sent Items" ఫోల్డర్ లాప్‌టాప్ మళ్లీ తెరవగానే తిరిగొచ్చింది. అందులో మెయిళ్లేమీ లేవు.

అమీర్‌పేట్_డెవ్
ప్రోగ్రామ్‌కి వదిలేస్తే ఇలాగే ఉంటుందని నేనన్నది ఇందుకే.

తపాలా_మేస్త్రి
ప్రోగ్రామ్‌లో ఇంకెక్కడో ఆ పేరు మిగిలి ఉన్నట్టుంది. అదే ప్రోగ్రామ్‌లో రెండో ఐడీ గానీ, సంతకం కోసం పెట్టుకున్న ఇంకో పేరు గానీ ఉందా? ఒక్కో ఐడీకి Sent సెట్టింగ్ విడిగా ఉంటుంది.

కృష్ణలంక_ప్రెస్
ఉందండీ, అకౌంట్స్ ఐడీ. మా తమ్ముడు వాడతాడు. వాడు రేపు వచ్చాక చూసి చెప్తాను.