ఒక్క గది ఇంట్లో 5 కేజీల కందిపప్పు కొనొచ్చా?

కోటవీధి కోడలు: విజయనగరంలో ఒక్క గది పోర్షన్, ఇద్దరమే ఉంటాం. వంటింట్లో రెండే అరలు. మా దగ్గర కందిపప్పు కేజీ ప్యాకెట్ 150 రూపాయలు, 5 కేజీలది 690. నెలకు కేజీన్నర వాడతాం. పెద్దది కొంటే నిజంగా లాభమేనా?

నాగావళి: ఇందులో ఆలోచించేదేటి? కేజీ 138 పడింది, 60 రూపాయలు మిగిలాయి. పెద్ద ప్యాక్ ఎప్పుడూ చవకే. ఇప్పుడు ప్యాకెట్ మీదే గ్రాముకింత, కేజీకింత అని వేస్తున్నారు కదా, అది చూసి కొనుక్కోవడమే.

గంటస్తంభం కొట్టు: ఎప్పుడూ అనకండి బాబూ. నాది కిరాణా కొట్టే, అందుకే చెప్తున్నాను. ఆ అంకె తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ అది ఎమ్మార్పీని బట్టి వేసింది. కొట్లో మీకు తగ్గించి ఇచ్చిన ధర అందులో ఉండదు. పైగా కేజీ లోపు ప్యాకెట్ మీద గ్రాము ధర, కేజీ దాటితే కేజీ ధర వేస్తారు. అరకేజీ ప్యాకెట్ ఎమ్మార్పీ 76 అనుకోండి. గ్రాముకు 0.152 పడుతుంది, వేసేది మాత్రం 0.15. మీరు దాన్ని కేజీకి 150 అనుకుంటారు, అసలు పడేది 152. ఫోన్లో బిల్లు ధరను బరువుతో భాగించుకోండి, గొడవ ఉండదు.

ఇక ఈవిడ పప్పు సంగతి. 690ని 150తో భాగిస్తే 4.6 వస్తుంది. అంటే అందులో 4 కేజీల 600 గ్రాములు వండుకుంటేనే చిన్న ప్యాకెట్లతో సమానం. 400 గ్రాములు పారబోస్తే ఆదా మొత్తం పోయినట్టే. అరకేజీ పోయిందంటే తిన్న పప్పు కేజీకి 153 దాటుతుంది. కొన్న బరువుతో కాదమ్మా, తిన్న బరువుతో భాగించాలి.

26 కేజీల బస్తా: బియ్యం గురించి కూడా చెప్పండి. 25 కేజీల బస్తాకు బదులు 26 కేజీలది ఇస్తున్నారు, ఆ కేజీ ఉచితమా?

గంటస్తంభం కొట్టు: ఉచితం కాదు. 2022 జులైలో 25 కేజీల వరకు లేబుల్ వేసిన ప్యాక్‌ల మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. అది పడకుండా 26 చేశారు. ధరను 26తో భాగించి చూసుకోండి. ఇక్కడ అడిగింది పప్పు గురించి.

పొందూరు అత్తమ్మ: అమ్మాయీ, లెక్కలు సరే, వానాకాలం మాటేటి? నేను పోయినేడు బొంబాయి రవ్వ 5 కేజీలు తెచ్చి పొయ్యి పైన అరలో పెట్టాను. దసరాకు ఉప్మా చేద్దామని గరిట పెడితే రవ్వ ఉండలుగా లేచింది. మధ్యలో సాలెగూడులాంటి దారాలు! జల్లెడ పట్టినా ఆ వాసన పోలేదు, సగం ఆవుకు పెట్టాను.

కోటవీధి కోడలు: మాకూ ఖాళీగా ఉన్నది పొయ్యి పైన అరే అత్తమ్మా. డబ్బా మూత గట్టిగా పెడితే చాలదా? పప్పులో పురుగు పడితే ఎలా తెలుస్తుంది?

గంటస్తంభం కొట్టు: ఒక్కోసారి గుడ్లు ప్యాకెట్‌తోనే వస్తాయి, అలాంటప్పుడు మూత ఏం చేస్తుంది? అడుగు నుంచి గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పోయండి. మెత్తటి పొడి రాలితే మొదలైనట్టే. పొయ్యి పైన వేడి, ఆవిరి రెండూ తగులుతాయి, ఆ అర వద్దు. కొనేటప్పుడు ప్యాక్ చేసిన తేదీ చూడండి. ఆఫర్లో పెట్టిన పెద్ద ప్యాక్ ఒక్కోసారి పాత సరుకు.

పొందూరు అత్తమ్మ: ఎండలో పోసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టు. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. నేను నాలుగు ఎండుమిరపకాయలు కూడా వేస్తాను.

నాగావళి: మిరపకాయలతో పురుగు ఆగుతుందని నేను నమ్మను. సరే, చవక అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోను. పక్కవాటా వాళ్లతో చెరిసగం పంచుకుంటే? రెండున్నర కేజీలకు 345. రెండు నెలల్లో అయిపోతుంది, పురుగు పట్టేలోపే.

గంటస్తంభం కొట్టు: అది బాగుంది. కానీ సొంతంగా 5 కేజీలూ కొంటే మూడు నెలల పైన పడుతుంది, నెలకు మిగిలేది సుమారు 18 రూపాయలు. దానికి ఒక అర అంతా ఇచ్చేస్తారా అన్నది నా అనుమానం.

నాగావళి: కొట్టువాళ్లకు 18 రూపాయలు చిన్నవే. సంచి పట్టుకుని నడిచేవాళ్లకు కాదు.

కోటవీధి కోడలు: పక్కవాటా ఆవిడను అడిగాను. వాళ్లు పెసరపప్పే ఎక్కువ తింటారట, కందిపప్పు కేజీ చాలంది. మిగతా నాలుగు కేజీలు నాకే. పొయ్యికి దూరంగా మంచం కింద పెడితే పర్వాలేదా?