అప్‌డేట్: క్రేన్ తీగల మినుకు తగ్గింది

నా ప్రశ్న: "విశాఖ హార్బర్ సీన్‌లో కెమెరా కదిలితే క్రేన్ తీగలు తునకలై మినుకుమంటున్నాయి. 4ఎక్స్ ఎంఎస్ఏఏ సరిపోతుందా, టీఏఏకి మారాలా?"

టీఏఏకే మారాను. పదునులో మాత్రం ఎంఎస్ఏఏదే పైచేయి, అది ఒప్పుకోవాలి. కానీ తడి డెక్ మీద ఎండ మెరుపులు దానికి లొంగలేదు. అది అంచు కవరేజీని నాలుగు చోట్ల చూస్తుంది, షేడింగ్ మాత్రం పిక్సెల్‌లో ఒక్కో త్రిభుజానికి ఒక్కసారే చేస్తుంది. పైగా రంగుకి 8, డెప్త్‌కి 4 బైట్ల చొప్పున 1920×1080లో 25 ఎంబీ ఉన్నది 100 ఎంబీ అయింది.

టీఏఏలో 8 జిట్టర్ స్థానాలు వాడాను. 3×3 పొరుగు పిక్సెళ్ల కనిష్ఠ, గరిష్ఠాల మధ్య పాత రంగును బిగించి కలిపాను:

```
history = clamp(history, cmin, cmax);
color = lerp(history, current, 0.1);
```

కొంగల వెనక తోకలు వచ్చాయి. మోషన్ వెక్టర్లను తెరమీద చూస్తే రెక్కల దగ్గర సున్నా! రెక్కల ఊపు వర్టెక్స్ షేడర్‌లో ఉంది, పాత ఫ్రేమ్ స్థానం లెక్కలో లేదు. అక్కడా పాత టైమ్‌తో ఊపితే తోకలు పోయాయి.

తీగలే మొండికేశాయి. పిక్సెల్ కన్నా సన్నని తీగ ఏదో ఫ్రేమ్‌లో తప్పిపోతే, పొరుగున దాని రంగే ఉండదు, క్లాంప్ చరిత్రని తుడిచేస్తుంది. అందుకే వర్టెక్స్ షేడర్‌లో తీగ మందాన్ని కనీసం ఒక పిక్సెల్‌కి పెంచి, ఎంత పెంచామో అంత ఆల్ఫా తగ్గించాను. టెక్స్చర్ల మసకకి మిప్ బయాస్ -0.5 చాలింది, -1 పెడితే కంటైనర్ల ముడతలు మళ్లీ మినుకుమన్నాయి.